పిల్లలు చేరగానే తరగతి పేజీ లాక్ అయింది: సపోర్టుకు ఏమని రాయాలి?

ప్రశ్న: అనంతపురం జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఎనిమిదో తరగతి కోసం ఒక పేజీ తెరిచి, రెండు నెలలుగా పాఠాల వీడియోలు, లెక్కల షీట్లు అందులో పెడుతున్నాను. పోయిన సోమవారం పిల్లల్ని కంప్యూటర్ ల్యాబులో కూర్చోబెట్టి ఖాతాలు తెరిపించి పేజీలో చేర్పించాను. 46 మందిలో 31 మంది చేరారు. హాజరు తెలుస్తుందని అందరినీ ‘ప్రెజెంట్ మేడమ్’ అని కామెంట్ పెట్టమన్నాను. పది నిమిషాల్లో పేజీ లాక్ అయింది. This page has been locked due to unusual activity అని వస్తోంది. నా ఖాతా మాత్రం తెరుచుకుంటోంది. నేను ఏ తప్పూ చేయలేదని సపోర్టుకు రాస్తే ముందే రాసిపెట్టుకున్నట్టున్న జవాబు ఒకటి వచ్చింది. కొత్త పేజీ తెరిచేయమని తోటి టీచర్లు అంటున్నారు. మళ్లీ రాయాలంటే ఏమని రాయాలి?

— లెక్కల టీచరు, అనంతపురం జిల్లా

సమాధానం: కొత్త పేజీ తెరవకండి మేడమ్. అదే ఫోన్ నంబరుతో, అదే కంప్యూటరు మీద ఇంకో పేజీ తెరిస్తే, లాక్‌ను తప్పించుకోవడానికి చేసిన పనిగా వాళ్ల వ్యవస్థ లెక్కేయవచ్చు. అప్పుడు పేజీతో పాటు మీ ఖాతా కూడా పోవచ్చు. ఇప్పుడు మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం ఆ ఖాతానే. పేజీ తెరిచిన మనిషే రాస్తున్నారని రుజువు కావాలంటే ఉత్తరం దాని నుంచే పోవాలి.

పిల్లల్ని కూడా రెండు మూడు వారాలు ఆ లింకు ముట్టుకోవద్దని చెప్పండి. లాక్ అయిన పేజీని ముప్పై మంది రోజూ తడుతుంటే అనుమానం తగ్గకపోగా పెరుగుతుంది. అందరి చేతా తలా ఒక ఫిర్యాదు పెట్టించాలన్న ఆలోచన ఉంటే అదీ మానేయండి. ఒకే మాటలతో ముప్పై ఫిర్యాదులు వెళ్తే అవి కూడా ‘ప్రెజెంట్ మేడమ్’ కామెంట్ల లాగే కనిపిస్తాయి.

ఆ కామెంట్ల సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే ఉత్తరంలో రాయాల్సింది చాలావరకు అక్కడే ఉంది. ల్యాబులో ఎన్ని కంప్యూటర్లున్నా బయటికి పోయే ఇంటర్నెట్ కనెక్షన్ ఒకటే. రౌటర్ వెనక ఉన్న యంత్రాలన్నీ బయటివాళ్లకు ఒకే ఐపీ అడ్రసుతో కనబడతాయి. ఒక పిల్లవాడు లాగౌట్ అయి లేచాక అదే కుర్చీలో ఇంకో పాప కూర్చుని, అదే బ్రౌజరులో కొత్త ఖాతా తెరిచి ఉంటుంది. ప్లాట్‌ఫాం వైపు నుంచి చూస్తే, కొద్ది నిమిషాల్లో ఒకే అడ్రసు నుంచి 31 కొత్త ఖాతాలు పుట్టాయి. అన్నీ ఒకే ఆహ్వాన లింకుతో వచ్చి ఒకే పేజీలో చేరాయి. చేరీ చేరగానే అక్షరం మారకుండా ఒకే కామెంట్ పెట్టాయి. డబ్బు తీసుకుని నకిలీ ఫాలోవర్లను అమ్మేవాళ్లు చేసే పని కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది. లాక్ వేసిన ప్రోగ్రాముకు ఈ గుర్తులే కనబడ్డాయి తప్ప తరగతి గది కనబడలేదు.

మీ వైపు ఊళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంటుంది. చాలా ఇళ్లలో ఫోను ఒక్కటే, అది నాన్న దగ్గర ఉంటుంది, నాన్న పని మీద బెంగళూరులో ఉంటాడు. ఖాతా అనంతపురంలో తెరుస్తుంటే ఓటీపీ బెంగళూరులోని ఫోనుకు పోతుంది. నాన్నకు కాల్ చేసి అడిగి కొట్టేసరికి గడువు దాటి, రెండోసారి, మూడోసారి ఓటీపీ అడుగుతారు. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ అదే స్కూలైతే ఒకే నంబరు మీద రెండు ఖాతాలు పడతాయి. ఇవి ఒక్కొక్కటిగా చిన్నవే, కానీ అన్నీ ఒకే పూట ఒకే చోట నుంచి రావడంతో లెక్క మారిపోయింది.

‘నేను ఏ తప్పూ చేయలేదు’ అన్న ఉత్తరం పని చేయకపోవడానికి కారణం ఇదే. నకిలీ ఖాతాలు నడిపేవాళ్లూ ఆ మాటే రాస్తారు. మీ ఉత్తరం చదివే ఉద్యోగికి మీ నిజాయితీని తూచే సాధనం ఏదీ లేదు. ఆయన ముందున్న తెర మీద సమయాలు, ఐపీ అడ్రసులు, ఖాతాల సంఖ్య మాత్రం ఉంటాయి. మీరు చెప్పిన సమయం, సంఖ్య, జరిగిన తీరు ఆ తెర మీదున్న వాటితో కలిస్తే మీ మాట నమ్మడానికి ఆయనకు ఒక పట్టు దొరుకుతుంది. కాబట్టి అనుమానం పుట్టించిన ప్రతి గుర్తునూ మీరే ముందుగా చెప్పి, అది ఎలా వచ్చిందో వివరించాలి.

రాయడానికి కూర్చునే ముందు ఏది లాక్ అయిందో ఖాయం చేసుకోండి. పేజీ లాక్ కావడం, మీ ఖాతా లాక్ కావడం, పిల్లల ఖాతాలు లాక్ కావడం మూడు వేర్వేరు విషయాలు. వాటికి అప్పీలు దారులూ వేరు. మీ విషయంలో పేజీ పోయింది, మీ ఖాతా ఉంది. పిల్లల ఖాతాలు ఎలా ఉన్నాయో ఒకరిద్దరి తల్లిదండ్రుల్ని వాళ్ల ఫోన్లో ఒక్కసారి తెరిచి చూసి చెప్పమనండి. పిల్లల ఖాతాలు కూడా లాక్ అయి ఉంటే, ఆ తెర మీద ఏం రాసి ఉందో ఫోటో తీయించుకోండి. ఓటీపీ అడిగితే అది మామూలు నిర్ధారణ. వయసు గురించి, అంటే age requirement అనో date of birth అనో ఉంటే మాత్రం కారణం వేరు, మీ ఉత్తరమూ మారాలి.

వయసు సంగతి మీరు రాయలేదు. కానీ ఎనిమిదో తరగతి అనగానే ముందు చూడాల్సింది అదే. చాలా ప్లాట్‌ఫాంలలో సొంత ఖాతాకు కనీస వయసు 13 ఏళ్లు. ఐదేళ్లు నిండి ఒకటో తరగతిలో చేరిన పిల్లలకు ఎనిమిదిలోకి వచ్చేసరికి 12 నిండి 13 నడుస్తుంటుంది. అంటే మీ తరగతిలో కొందరికి ఆ వయసు ఇంకా రాలేదు. ఖాతా తెరిచేటప్పుడు కొందరు నిజమైన పుట్టిన తేదీ కొట్టి ఉంటారు. ఇంకొందరు తేదీల పెట్టెలో మొదట కనబడిన సంవత్సరాన్నే వదిలేసి ఉంటారు, పక్క పిల్లవాడు చెప్పిన సంవత్సరం కొట్టినవాళ్లూ ఉంటారు. అడ్మిషన్ రిజిస్టరు తీసి, ఆ సోమవారం నాటికి చేరిన 31 మందిలో 13 నిండనివాళ్లు ఎందరో లెక్కపెట్టండి. ఒక్కరున్నా ఆ విషయం ఉత్తరంలో ఉండాలి. ఆ ఖాతాల్ని తిరిగి ఇమ్మని అడగకూడదు. వాళ్లు పుట్టిన సంవత్సరం మార్చి కొత్త ఖాతాలు తెరవకుండా చూసే బాధ్యత కూడా మీదే.

ఈ సంగతి దాచిపెడితే పేజీ త్వరగా వస్తుందని కొందరు సలహా ఇస్తారు. వినకండి. వయసు కారణంగానే లాక్ పడి ఉంటే, మీరు దాచినది వాళ్లకు ముందే తెలుసు. మీరే చెప్పి, ఆ పిల్లల్ని పక్కన పెడతానంటే పేజీ వేరు, ఆ ఖాతాలు వేరు అయిపోతాయి. పేజీని తెరవడానికి ఉన్న అడ్డు తొలగుతుంది. మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 అయితే 18 ఏళ్లు నిండని వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. అందుకని 13 దాటిన పిల్లల విషయంలో కూడా తల్లి లేదా తండ్రి సంతకంతో చిన్న సమ్మతి చీటీ తెప్పించి హెచ్.ఎం. గారి ఫైల్లో పెట్టించండి. ఆ చీటీలు ప్లాట్‌ఫాంకు పంపొద్దు. ‘స్కూల్లో ఉన్నాయి’ అని ఒక మాట రాస్తే సరిపోతుంది. చీటీలు చేతికి వచ్చాకే ఆ మాట రాయండి.

ఇక దగ్గర పెట్టుకోవాల్సినవి. పేజీ పేరు చాలదు, ఒకే పేరుతో ఎన్నో పేజీలుంటాయి. బ్రౌజరు పైపట్టీలో ఉండే పూర్తి అడ్రసు కాపీ చేసుకోండి. లాక్ సందేశం స్క్రీన్‌షాట్‌లో తేదీ, సమయం కూడా కనబడాలి. పిల్లలు చేరినట్టు మీ ఈమెయిల్‌కు నోటిఫికేషన్లు వచ్చి ఉంటే మొదటిదీ చివరిదీ ఎన్ని గంటలకు వచ్చాయో చూడండి, అవే మీ సమయాలు. ల్యాబు కంప్యూటరులో బ్రౌజరు తెరిచి what is my ip అని వెతికితే మీ కనెక్షన్ బయటికి కనబడే ఐపీ అడ్రసు వస్తుంది. కంప్యూటరు సెట్టింగుల్లో 192.168 తో మొదలయ్యేది కనబడితే అది రాయకండి, అది ల్యాబు లోపలి అడ్రసు, బయటివాళ్లకు పనికిరాదు. రౌటర్ ఆపి వేసినప్పుడు బయటి అడ్రసు కూడా మారిపోవచ్చు కాబట్టి ‘ఈ రోజు చూసినప్పుడు ఇది’ అని తేదీతో రాయండి. స్కూలు నిజంగా ఉందని చూపడానికి యూడైస్ కోడ్ చాలా పనికొస్తుంది. 11 అంకెలుంటాయి, మన రాష్ట్రానివి 28తో మొదలవుతాయి. ఆ కోడ్‌తో ఎవరైనా స్కూలు వివరాలు చూసుకోవచ్చు. స్కూలు లెటర్‌హెడ్ మీద, మీరు అక్కడ లెక్కల టీచరని, పేజీ స్కూలుకు తెలిసే నడుస్తోందని హెచ్.ఎం. గారి సంతకం, ముద్రతో రెండు వాక్యాల లేఖ తీసుకోండి.

పంపకూడనివి కూడా ఉన్నాయి. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, హాజరు పట్టిక ఫోటో, ఎవరి ఆధార్ అయినా సరే మొదటి ఉత్తరంలో పెట్టకండి. తరగతి అని నిరూపించే ఆత్రంలో చాలామంది రిజిస్టరు పేజీ ఫోటో తీసి జతచేస్తారు. ముప్పై మంది పిల్లల వివరాలు ఎక్కడో ఒక సర్వరులో పడతాయి, తిరిగి వెనక్కి తీసుకోలేం. మీకు సంఖ్య చాలు. మీ సొంత గుర్తింపు వాళ్లు అడిగినప్పుడు మాత్రమే, వాళ్ల ఫారంలోనే ఇవ్వండి. ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

ఉత్తరం ఇలా ఉండొచ్చు. మీరు చెప్పని వివరాలను నేను ఊహించి పెట్టాను, వాటి చోట మీ అంకెలు వేసుకోండి.

విషయం: తరగతి పేజీ లాక్ – మనిషి చేత పరిశీలన కోరుతూ – టికెట్ నంబరు ........

నమస్కారం.

నేను ఆంధ్రప్రదేశ్, అనంతపురం జిల్లా, ........ జెడ్పీ హైస్కూల్లో లెక్కల టీచర్ని. స్కూలు యూడైస్ కోడ్ 28......... ఎనిమిదో తరగతి పేజీ అడ్రసు ......... పేజీని నేనొక్కదాన్నే నడుపుతున్నాను. ఈ ఉత్తరం పేజీ తెరిచిన ఈమెయిల్ నుంచే రాస్తున్నాను.

........ తేదీ సోమవారం, భారత సమయం ఉదయం 10:05 నుంచి 10:27 వరకు, అంటే యూటీసీ 04:35 నుంచి 04:57 వరకు, మా విద్యార్థులు 31 మంది స్కూలు కంప్యూటర్ ల్యాబులో కొత్త ఖాతాలు తెరిచి ఈ పేజీలో చేరారు. ల్యాబులో 8 కంప్యూటర్లు, ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ ఉన్నాయి. ఒక్కో కంప్యూటరు మీద ఒకరి తర్వాత ఒకరు ఖాతా తెరిచారు. అందరికీ ఒకే ఆహ్వాన లింకు ఇచ్చాను. హాజరు కోసం అందరినీ ‘ప్రెజెంట్ మేడమ్’ అని కామెంట్ పెట్టమన్నది నేనే. 10:37కు పేజీ లాక్ అయింది. తెర మీద This page has been locked due to unusual activity అని ఉంది. స్క్రీన్‌షాట్ జతచేశాను. ల్యాబు కనెక్షన్ ఐపీ అడ్రసు ........ తేదీన చూసినప్పుడు ........

ఇవి తరగతిలో కూర్చున్న పిల్లలు తెరిచిన ఖాతాలు. కొన్నవి కావు, ప్రోగ్రాముతో తయారు చేసినవి కావు.

అడ్మిషన్ రిజిస్టరు ప్రకారం ఆ రోజుకు ఈ 31 మందిలో 11 మందికి 13 ఏళ్లు నిండలేదు. వాళ్ల ఖాతాలు తిరిగి ఇవ్వమని నేను అడగడం లేదు. ఆ ఖాతాలను తొలగించమని తల్లిదండ్రులకు చెప్పాను. వాళ్లను మళ్లీ పేజీలో చేర్చను. మిగిలిన 20 మంది తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు స్కూల్లో ఉన్నాయి.

నేను కోరేది: ఒక ఉద్యోగి ఈ వివరాలు చూసి పేజీని తిరిగి తెరవాలి. అది కుదరకపోతే ఏ నిబంధన కింద కుదరదో, పేజీలోని ఏ అంశం వల్లనో తెలపాలి. నిర్ణయం తేలేవరకు పేజీలో ఉన్న పాఠాలను తొలగించకుండా ఉంచాలి, వాటి ప్రతిని దించుకోవడానికి నాకు వీలివ్వాలి.

పేజీ తెరిచాక కొత్తగా చేరేవాళ్లను నా ఆమోదంతోనే, రోజుకు కొద్దిమంది చొప్పున, వాళ్ల ఇళ్ల నుంచే చేర్చుకుంటాను.

జతచేసినవి: లాక్ సందేశం స్క్రీన్‌షాట్, హెచ్.ఎం. లేఖ.

పేరు, హోదా, స్కూలు, స్కూలు ఫోన్ నంబరు.

ఈ ఉత్తరంలో బతిమాలడం లేదు, కోపమూ లేదు. పరీక్షలు దగ్గరపడ్డాయనీ పిల్లలు నష్టపోతున్నారనీ రాయాలనిపిస్తుంది. అది నిజమే. కానీ తెరవాలా వద్దా అన్న నిర్ణయానికి అది ఆధారం కాదు, పైగా అసలు వివరాలను కిందికి తోసేస్తుంది. రాయాలనుకుంటే ‘యూనిట్ పరీక్ష ........ తేదీన ఉంది’ అని చివర ఒక్క వాక్యం చాలు. యూటీసీ అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం, అది వేయడానికి కారణముంది. చదివే ఉద్యోగి ఏ దేశంలో ఉన్నా వాళ్ల రికార్డులు చాలావరకు ఆ సమయంలోనే ఉంటాయి. మన సమయంలోంచి ఐదున్నర గంటలు తీసేస్తే అది వస్తుంది. పాఠాల ప్రతి అడగడం కూడా మరిచిపోవద్దు. పేజీ చివరికి రాకపోయినా రెండు నెలల వీడియోలు, షీట్లు చేతికి రావాలి కదా.

ఫారం ఇంగ్లిషులో ఉంటే ఇంగ్లిషులోనే పంపండి. పైన ఉన్నట్టు చిన్న వాక్యాల్లో తెలుగులో రాసుకుని, మీ స్కూలు ఇంగ్లిషు టీచరు చేత మార్పించుకోండి. పెట్టెలో ఇన్ని అక్షరాలే పట్టాలని హద్దు ఉంటే పేజీ అడ్రసు, సమయాలున్న పేరా, వయసు పేరా, కోరేది – ఈ నాలుగూ ఉంచి మిగతావి జతచేసిన ఫైల్లో పెట్టండి.

పంపే దారి విషయంలో జాగ్రత్త. పేజీ లాక్ అయిన తెర మీదే Appeal లేదా Request review అని బటన్ ఉంటుంది. మొదటిసారి అది వాడేసి ఉంటే, వచ్చిన జవాబు ఈమెయిల్‌కే ఈ ఉత్తరాన్ని రిప్లైగా పంపండి, టికెట్ నంబరు విషయం వరుసలో ఉండనివ్వండి. జవాబు ఇచ్చే వీల్లేని అడ్రసు నుంచి వచ్చి ఉంటే, సహాయ కేంద్రం ఫారంలో కొత్తగా రాసి పాత టికెట్ నంబరు వేయండి. ఆ తర్వాత రోజుకొకటి పంపకండి. కొత్త టికెట్లు వేర్వేరు మనుషుల దగ్గర పడి ఎవరూ పూర్తి కథ చూడరు. వారం ఆగి అదే ఈమెయిల్ వరుసలో రెండు వాక్యాలతో గుర్తుచేస్తే చాలు.

ఇంకొకటి, గూగుల్లో ఆ ప్లాట్‌ఫాం పేరు కొట్టి కస్టమర్ కేర్ నంబరు వెతక్కండి. అలా దొరికే మొబైల్ నంబర్లలో మోసగాళ్లవే ఎక్కువ. పేజీ తెరిపిస్తామని చెప్పి ఓటీపీ అడుగుతారు, లేదంటే ఫోన్‌లో ఒక యాప్ వేయించి తెర చూస్తారు. పేజీ తెరవడానికి ఎవరికీ మీ పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ అక్కర్లేదు. ఇప్పటికే ఎవరికైనా చెప్పి డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

రెండో ఉత్తరానికి కూడా అదే మూస జవాబు వస్తే ఫిర్యాదుల అధికారికి రాయాలి. 2021 ఐటీ నియమాల ప్రకారం మన దేశంలో పనిచేసే ఇలాంటి ప్లాట్‌ఫాం తన వెబ్‌సైటులో లేదా యాప్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, సంప్రదించే వివరాలు పెట్టాలి. సైటు అడుగు భాగంలోనో నిబంధనల పేజీలోనో Grievance Officer అని వెతికితే దొరుకుతుంది. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి. పరిష్కారానికి 2021లో పెట్టిన గడువు 15 రోజులు. ఖాతాను ఆపేయడం, బ్లాక్ చేయడం మీద వచ్చే ఫిర్యాదులు కూడా ఇందులోకి వస్తాయి. ఆయనకు కొత్త ఉత్తరం అక్కర్లేదు. పైదే పంపి, పైన ‘........ తేదీన, ........ తేదీన సపోర్టుకు రాశాను, కారణం చెప్పని జవాబులు వచ్చాయి’ అని ఒక వాక్యం చేర్చి, ఆ రెండు జవాబుల్నీ జతచేయండి. అందిందన్న జవాబు వచ్చిన ఈమెయిల్‌ను జాగ్రత్తగా దాచుకోండి.

ఆ అధికారి నిర్ణయం మీకు న్యాయంగా లేకపోయినా, గడువు దాటినా తేల్చకపోయినా గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్లొచ్చు. కేంద్ర ప్రభుత్వం 2023లో వేసిన కమిటీ ఇది. అప్పీలు gac.gov.in లో, మొత్తం ఆన్‌లైన్లోనే. అధికారి జవాబు అందిన 30 రోజుల్లోపు వేయాలి, ఆ తేదీ దాటనివ్వకండి. అక్కడ అడిగేవి కూడా మీ దగ్గర ఉన్నవే: మీ ఫిర్యాదు, వాళ్ల జవాబు, పేజీ అడ్రసు, స్క్రీన్‌షాట్. ఇంతదూరం పోవాల్సి వస్తే హెచ్.ఎం. గారికి ముందే చెప్పి వెళ్లండి, ఎందుకంటే అప్పీలులో స్కూలు పేరు వస్తుంది.

ఈలోగా పాఠాలు ఆగకూడదు. మీ ఫోన్‌లో, కంప్యూటరులో ఉన్న అసలు వీడియోలను వేరే డ్రైవులో పెట్టి, లింకును తల్లిదండ్రులకు మెసేజ్‌గా పంపండి. చూడటానికి ఖాతా అక్కర్లేకుండా, లింకు ఉన్నవాళ్లు చూసేలా పెడితే చాలు. 13 నిండని పిల్లలకు పేజీ తెరిచాక కూడా ఇదే దారి.

పేజీ తిరిగి వచ్చిన రోజు ముందు లోపల ఉన్నవాళ్ల జాబితా చూసి 13 నిండని ఖాతాలుంటే తీసేయండి. తర్వాత చేరడానికి మీ ఆమోదం తప్పనిసరి చేసే సెట్టింగు వేసి, పాత ఆహ్వాన లింకును రద్దు చేసి కొత్తది తీసుకోండి. స్కూలు నుంచి ఇంకో టీచర్ని రెండో అడ్మిన్‌గా పెట్టుకోండి, మీ ఖాతాకే ఏదైనా అయితే పేజీ అనాథ కాకుండా ఉంటుంది. మిగిలిన పిల్లల్ని రోజుకు ఐదారుగురికి మించకుండా, ఇంట్లో ఫోను ఉండే వేళ, అంటే పెద్దవాళ్లు చేను నుంచి వచ్చాక సాయంత్రం ఏడు ఎనిమిది మధ్య చేరమనండి. ఒక్కో ఇల్లు ఒక్కో కనెక్షన్ కాబట్టి ల్యాబులో వచ్చిన చిక్కు రాదు. నాన్న బెంగళూరులో ఉన్న పిల్లలు ఆయన ఊరికి వచ్చిన రోజు దాకా ఆగడం మేలు, లేకపోతే అమ్మ నంబరు మీద తెరవాలి. హాజరు మాత్రం పేజీలో వద్దు. పిల్లలు చూశారో లేదో తెలియాలంటే వీడియో చివర ఒక లెక్క ఇచ్చి, జవాబు మరుసటి రోజు నోటుబుక్కులో చూడండి.